38.5 లక్షల దగ్గర జీతం ఆగిపోయాక: తేదీల మీద కుదిరిన ఒక ఆఫర్ కేస్ స్టడీ

2023 ఏప్రిల్ చివరి వారంలో ఆవిడ నా దగ్గరికి వచ్చారు. వయసు 39. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్ట్ మేనేజర్. ఏడాదికి 31 లక్షల ప్యాకేజీ. బెంగళూరులోని మరో సంస్థ నుంచి 38.5 లక్షలకు ఏప్రిల్ 24న ఫోన్‌లో ఆఫర్ చెప్పారు, లెటర్ ఇంకా రాలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే: "దీన్ని 40 చేయించడం ఎలా మేడమ్?"

కంపెనీల తరఫున నియామకాలు చేసే పనిలో పద్నాలుగేళ్లు ఉండి, తర్వాత ఉద్యోగం మారేవాళ్లకు సలహా చెప్పే ఇటువైపు వచ్చాను. ఆవిడకు వచ్చిన అంకె ఆ స్థాయికి ఉన్న జీతాల బ్యాండ్ చివర్లో ఉందని రిక్రూటర్ మాటల్లోనే తెలిసింది. "దీనిపైన ఇవ్వాలంటే గ్రేడ్ మార్చాలి, గ్రేడ్ మార్చాలంటే మళ్లీ ఇంటర్వ్యూ ప్యానెల్ కూర్చోవాలి" అన్నారట. ఆ మాట నిజమే అయి ఉంటుంది. ఒక్కసారి మర్యాదగా అడిగి చూడమన్నాను, అడిగారు, కుదరదన్నారు. జీతం సంగతి అక్కడితో వదిలేశాం.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు నడిచిన బేరమే ఈ కేసు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని, సంస్థలను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ముందు ఇంటి పరిస్థితి చెప్పాలి. పెద్దమ్మాయి అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది, సీబీఎస్‌ఈ. ఆ బోర్డులో తొమ్మిదిలోనే రిజిస్ట్రేషన్ అయిపోతుంది. పదిలో స్కూల్ మారాలంటే తల్లిదండ్రుల బదిలీ లాంటి కారణం చూపించి బోర్డు అనుమతి తీసుకోవాలి. అనుమతి వచ్చినా, పరీక్షల ఏడాదిలో పిల్లను కొత్త ఊళ్లో వేయడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. భర్తది ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగం, బదిలీ కోరుకున్నా ఆర్థిక సంవత్సరం మొదట్లోనే వస్తుంది. అంటే కుటుంబం బెంగళూరు కదిలేది 2024 ఏప్రిల్ తర్వాతే. కంపెనీ మాత్రం జూన్ 1న చేరమంటోంది, వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటోంది.

నేను మొదట అడిగిన కాగితం కొత్త ఆఫర్‌ది కాదు, పాత ఉద్యోగం అపాయింట్‌మెంట్ లెటర్. అందులో చేరిన తేదీ 2018 ఆగస్టు 10. నోటీస్ పీరియడ్ 90 రోజులు. బేసిక్ నెలకు 1,04,000. ఈ మూడూ చూశాక, మే 2న రాజీనామా చేసి జూన్ 1న చేరాలనుకున్న ఆవిడ ఆలోచన ఎంత ఖరీదైనదో అర్థమైంది.

గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. అప్పటి లెక్క సులువే: నెల బేసిక్‌ను 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. (డీఏ ఉంటే బేసిక్‌తో కలుస్తుంది, ఆవిడకు లేదు.) 1,04,000ని 26తో భాగిస్తే 4,000. పదిహేను రోజులకు 60,000. ఐదేళ్లకు 3 లక్షలు. 20 లక్షల లోపు కాబట్టి పన్ను కూడా ఉండదు. పైగా ఆవిడ 31 లక్షల ప్యాకేజీలో ఏటా ఈ 60,000 ముందే కలిపి చూపించారు. చాలా కంపెనీలు బేసిక్‌లో 4.81 శాతం అని సీటీసీలో రాసేది ఇదే. ఐదేళ్లు నిండకముందే వెళ్లిపోతే, జీతంగా లెక్కలో చూపించిన ఆ సొమ్ము చేతికి రాకుండానే పోతుంది.

ఆవిడకు ఐదేళ్లు నిండేది 2023 ఆగస్టు 9న. నోటీసును రాజీనామా మర్నాటి నుంచి లెక్కపెట్టేవాళ్లు. మే 2న రాజీనామా చేసి 90 రోజులూ పూర్తిగా పనిచేసినా జులై 31తో బయటికి వస్తారు. తొమ్మిది రోజులు తక్కువ.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు: నాలుగేళ్ల 240 రోజులు చాలు కదా అని. మద్రాసు హైకోర్టు అలా చెప్పిన తీర్పు ఉంది, కొన్ని కంపెనీలు దాన్నే పాటిస్తాయి. ఆవిడ సంస్థ హెచ్‌ఆర్ పాలసీలో మాత్రం "పూర్తి ఐదేళ్లు" అని ఉంది. తీర్పు పట్టుకుని లేబర్ అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. కానీ రెండు వారాలు ఆగితే దానంతటదే చేతికి వచ్చే డబ్బు కోసం రెండేళ్లు తిరగమని నేను ఎవరికీ చెప్పను. కాబట్టి చివరి పనిదినం ఆగస్టు 9 దాటి ఉండాలి, అదీ అంచు మీద కాకుండా నాలుగైదు రోజులు అవతలికి. రాజీనామా మే 16 అని, చివరి రోజు ఆగస్టు 14 అని ఖాయం చేసుకున్నాం. ఒక ప్రమాదం మాత్రం మిగిలే ఉంది. రాజీనామా పెట్టాక పాత కంపెనీయే "మీరు ముందే వెళ్లిపోవచ్చు" అని జులైలో రిలీవ్ చేసేస్తే? లెటర్ మళ్లీ చదివాం. నోటీసును తగ్గించాలంటే ఇరువైపులా అంగీకారం ఉండాలని రాసి ఉంది. అది చూశాకే నాకు స్థిమితం కలిగింది. ఆ వాక్యం లేకపోతే ఇంకా ఆలస్యంగా రాజీనామా చేయమనేదాన్ని.

ఆలస్యానికి కూడా ఖరీదు ఉంది, అదీ లెక్కేశాం. జూన్ 1కి బదులు ఆగస్టు 21న చేరితే రెండున్నర నెలల పాటు కొత్త జీతం రాదు, మధ్యలో ఆరు రోజులు ఏ జీతమూ ఉండదు. పన్ను పోను దాదాపు లక్షన్నర నష్టం. వచ్చేది మూడు లక్షలు. ఇంకోటి, జూన్ 1న చేరాలంటే మిగతా రెండు నెలల నోటీసును బేసిక్ లెక్కన కొనాలి, బైఅవుట్ అనేది దీన్నే, 2,08,000. అది తామే ఇస్తామని కొత్త సంస్థ చెప్పింది. కానీ ఆ డబ్బును జీతంలో కలిపి పన్ను కోస్తామని కూడా చెప్పింది. ఆవిడ స్లాబ్‌లో సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 65 వేలు చేతి నుంచి పడతాయి. ఎటు చూసినా ఆగస్టే మేలు.

అయితే అప్పటికే ఒక చిక్కు ఉంది. దరఖాస్తు ఫారంలో "ఎన్ని రోజుల్లో చేరగలరు" అన్న చోట ఆవిడ "30 రోజులు, నోటీస్ మాట్లాడుకోవచ్చు" అని నింపారు. ఎక్కువ రోజులు రాస్తే ఇంటర్వ్యూకే పిలవరన్న భయంతో నింపినది. అందరూ చేసేదే. తేదీ మార్చాలంటే ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఇలాంటప్పుడు కొందరు పాత కంపెనీ వదలడం లేదని కథ చెబుతారు. నేను ఒప్పుకోను. రిక్రూటర్లు ఆ కథ రోజూ వింటారు, పైగా చేరేనాటికి రిలీవింగ్ లెటర్ మీద తేదీలు ఎలాగూ కనిపిస్తాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను: "ఫారం నింపినప్పుడు నా గ్రాట్యుటీ తేదీ చూసుకోలేదు. అది నా పొరపాటు. ఆగస్టు 9కి ఐదేళ్లు నిండుతాయి. ఆగస్టు 21న చేరగలను, ఆ తేదీ మారదు. మీరు బైఅవుట్‌కు పెట్టే ఖర్చూ మిగులుతుంది."

రిక్రూటర్‌కు చిరాకు వచ్చింది. "మేడమ్, జూన్ దాటితే పొజిషన్ పోతుంది" అన్నాడు. ఆ మాటకు చాలామంది అక్కడే దిగిపోతారు. "పోతుందంటే ఎలా పోతుంది, ఎవరు తీసేస్తారు?" అని అడగమని ముందే చెప్పి ఉంచాను. జవాబులో విషయం బయటపడింది. ఆ త్రైమాసికానికి మంజూరైన పోస్టు జూన్ 30లోగా నిండినట్టు సిస్టంలో కనబడాలి, లేకపోతే బడ్జెట్ వెనక్కి పోతుంది. మరి నిండినట్టు ఎప్పుడు లెక్క? అభ్యర్థి ఆఫర్ మీద సంతకం చేసినప్పుడు, చేరినప్పుడు కాదు. అంటే సంతకం మేలోనే అయితే వాళ్ల భయం తీరిపోతుంది. జూన్ 1 అన్నది అక్కరకొద్దీ పెట్టిన తేదీ కాదు, ఫారంలో ఉన్న 30 రోజుల నుంచి పుట్టిన తేదీ.

పైన మేనేజర్‌కు అసలు అవసరం అక్టోబరు రిలీజ్. ఆవిడ ఆగస్టులో వచ్చినా సరిపోతుందన్నారు. అయితే ఒక మెలిక పెట్టారు: "జులై నుంచి వారానికి ఒక కాల్‌లో కూర్చోండి, టీమ్ పరిచయం అవుతుంది." ఆవిడ సరేననబోయారు, నేను ఆపాను. ఒక కంపెనీ జీతం మీద ఉండగా ఇంకో కంపెనీ పనిలో కూర్చోవడం రెండు ఒప్పందాలకూ విరుద్ధం. పాత కంపెనీకి తెలిస్తే రాజీనామా కాస్తా తొలగింపు అవుతుంది, ఏ గ్రాట్యుటీ కోసం ఇంత చేశామో దానికీ లేనిపోని పేచీ వస్తుంది. "చేరాక మొదటి రెండు వారాలు ఐదు రోజులూ ఆఫీసుకే వస్తాను" అని బదులు ఇవ్వమన్నాను. మేనేజర్‌కు ఆ మాట నచ్చింది. తేదీ ఖాయమైంది.

తర్వాత ఇంటి నుంచి పని. ఆవిడ రాసుకొచ్చిన మొదటి ముసాయిదాలో "పర్మనెంట్ వర్క్ ఫ్రమ్ హోమ్ లేదా వెసులుబాటు" అని ఉంది. పర్మనెంట్ అంటే కంపెనీ పాలసీని ఆవిడ ఒక్కరి కోసం మార్చమనడం. అది ఏ హెచ్‌ఆర్ చేతిలోనూ ఉండదు. వెసులుబాటు అంటే ఎవరికి ఇష్టమొచ్చిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చు. ఇంకోవైపు నుంచి చూడండి. హెచ్‌ఆర్ మనిషి పైవాళ్లకు ఒక మెయిల్ పెట్టి అనుమతి తీసుకోవాలి. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన మినహాయింపుకు పైవాళ్లు ఒక్క లైనులో సరేనంటారు. ముగింపు లేనిదైతే "రేపు అందరూ అడుగుతారు" అని ఆపేస్తారు. ఆవిడకు కావలసింది కూడా నిజానికి మార్చి నెలాఖరు దాకానే.

కాబట్టి అడిగింది ఇది: మొదటి రెండు వారాలు పూర్తిగా బెంగళూరు ఆఫీసు. ఆ తర్వాత 2024 మార్చి 31 వరకు ప్రతి నెలా వరుసగా ఆరు పనిదినాలు ఆఫీసులో, మిగతా రోజులు హైదరాబాద్ ఇంటి నుంచి. ఏప్రిల్ 1 నుంచి అందరిలాగే వారానికి మూడు రోజులు. కారణం అమ్మాయి పదో తరగతి అని ఒక్క వాక్యంలో రాశారు, కుటుంబ కథ రాయలేదు. ఆరు రోజులు వరుసగా ఉండాలని పట్టుబట్టింది నేనే. వారానికి రెండు రోజులంటే నెలకు నాలుగు సార్లు రానూపోనూ, ఏ మనిషీ ఏడు నెలలు ఓర్చుకోలేదు.

ప్రయాణ ఖర్చు అడిగాం, దొరకలేదు. లెటర్‌లో పనిచేసే చోటు బెంగళూరు అని ఉంటే, అక్కడికి రావడం ఉద్యోగి సొంత రాకపోకల కిందికే వస్తుంది. చోటు హైదరాబాద్ అని ఉంటేనే అది కంపెనీ పని మీద ప్రయాణం. ఆ సంస్థకు హైదరాబాద్‌లో ఆఫీసు లేదు, మార్చలేమన్నారు. బస్సు, ఉండే చోటు కలిపి నెలకు 12 వేలని వేసుకుని అదంతా ఆవిడే భరించారు.

దీన్ని లెటర్‌లోకి ఎక్కించడానికే ఎక్కువ రోజులు పట్టింది. మేనేజర్ ఫోన్‌లో "అదంతా మనం మనం చూసుకుందాం" అన్నారు. మంచి మనిషి, మనసులో వంచన ఏమీ లేదు. రిక్రూటర్ "మెయిల్‌లో ఉంది కదా మేడమ్" అన్నాడు. కానీ వాళ్ల ఆఫర్ లెటర్ చివరి పేజీలో ఒక వాక్యం ఉంది, దాదాపు అన్ని లెటర్లలోనూ ఉంటుంది: ఇంతకుముందు జరిగిన మాటలు, ఉత్తరప్రత్యుత్తరాలు అన్నిటి స్థానంలో ఈ లెటరే చెల్లుతుంది అని. ఆ లెటర్ మీద సంతకం పెట్టిన క్షణాన మెయిల్‌కు బలం పోతుంది. అందుకని వేరే అనుబంధంగానైనా సరే, లెటర్‌లో భాగంగా ఇవ్వాలని అడిగాం. నాలుగు రోజుల తర్వాత ఐదు లైన్ల అనుబంధం వచ్చింది. "రిపోర్టింగ్ మేనేజర్ మారినా వర్తిస్తుంది" అన్న మాట చేర్చమని ఇంకోసారి వెనక్కి పంపాం. ఆవిడకు మొహమాటం వేసింది. చేర్చారు.

నవంబరులో ఆ మేనేజర్ వేరే టీమ్‌కు వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినాయన మొదటి వారంలోనే అందరూ మూడు రోజులు రావాల్సిందే అన్నారు. ఆవిడ అనుబంధం పంపారు. ఆయన హెచ్‌ఆర్‌ను అడిగి చూసుకుని, మార్చి దాకా అలాగే కానివ్వండి అన్నారు.

రీలొకేషన్ విషయంలో కంపెనీ చెప్పిన మొత్తం 1.5 లక్షలు. మొత్తాన్ని పెంచమని అడగొద్దన్నాను, ఎందుకంటే షరతుల్లోనే ఎక్కువ పోతోంది. చేరిన 90 రోజుల్లోపు క్లెయిమ్ చేయాలి. కుటుంబం కదిలేది ఎనిమిది నెలల తర్వాత, అంటే ఒక్క రూపాయీ వాడుకోలేరు. రెండేళ్లలోపు మానేస్తే మొత్తం తిరిగి కట్టాలి, 23వ నెలలో మానేసినా మొత్తమే. కంపెనీయే తీసేస్తే సంగతేమిటో రాయలేదు. ఇంకా ఒకటుంది. ఇచ్చేటప్పుడు పన్ను కోసి ఇస్తారు, ఆవిడ స్లాబ్‌లో 1.5 లక్షలకు 46,800 పోయి 1,03,200 చేతికొస్తుంది. వెనక్కి అడిగేటప్పుడు మాత్రం 1.5 లక్షలూ అడుగుతారు.

బైఅవుట్‌కు పెట్టబోయిన 2,08,000 వాళ్లకు మిగిలింది కాబట్టి ఈ షరతులు సడలించమని అడగడం తేలికైంది. రెండు విడతలు చేశారు: చేరగానే తన బస కోసం 50 వేలు, కుటుంబం కదిలినప్పుడు లక్ష, గడువు 2024 జూన్ 30. రెండూ బిల్లుల మీదే. తిరిగి కట్టే షరతు ఏడాదికి తగ్గింది, అదీ గడిచిన నెలల మేరకు తగ్గుతూ వస్తుంది. కంపెనీ తొలగిస్తే కట్టనక్కర్లేదు. పన్ను పోను చేతికొచ్చినదే వెనక్కి తీసుకోవాలన్న కోరిక మాత్రం ఒప్పుకోలేదు, పేరోల్ సాఫ్ట్‌వేర్ అలా చేయదన్నారు. బెంగళూరులో ఇంటి అడ్వాన్సు హైదరాబాద్‌లా రెండు నెలలతో పోదు. ఆవిడ చూసుకున్న ఇంటికి అద్దె 42 వేలు, ఆరు నెలల అడ్వాన్సు అంటే 2,52,000. అందులో 2 లక్షలు జీతం అడ్వాన్సుగా ఇచ్చి పది నెలల్లో కోసుకునేలా ఒప్పించాం. తిరిగొచ్చే డబ్బు కాబట్టి వాళ్లు దాన్ని ఖర్చుగా చూడలేదు.

ఇందులో నా తప్పు ఒకటుంది. "బిల్లుల మీద" అన్నదానికి అర్థం నేను ముందే అడిగి ఉండాల్సింది. జీఎస్టీ నంబరున్న బిల్లులే తీసుకుంటామని చేరాక చెప్పారు. ఆవిడ దిగింది ఆఫీసు దగ్గర లేడీస్ పీజీలో, వాళ్లు ఇచ్చేది చేతిరాత రసీదు. 38 వేల రసీదులు తిప్పి పంపేశారు. అప్పటి నుంచి ఏ రకం బిల్లు చెల్లుతుందో లెటర్ దశలోనే రాతపూర్వకంగా అడిగిస్తున్నాను.

సెలవుల గురించి తక్కువే చెప్పాలి. పాత చోట సీనియారిటీతో ఏడాదికి 24 ఈఎల్ వచ్చేవి, ఇక్కడ 18. ఆరు అదనంగా అడిగాం, కుదరలేదు. గ్రేడ్‌ను బట్టి సిస్టం నెలకు ఒకటిన్నర చొప్పున వేస్తుంది, దాన్ని ఒకరి కోసం మార్చరు. కుదిరింది వేరే. ప్రొబేషన్ ఆరు నెలలు ఈఎల్ వాడకూడదన్న నియమం ఉంది. నవంబరు చివర తెనాలిలో ఆడపడుచు కూతురి పెళ్లి, ఆవిడే దగ్గరుండి చూడాలి. ఆ నాలుగు రోజులు, ఫిబ్రవరిలో పరీక్షలకు ముందు ఐదు రోజులు తేదీలతో సహా అనుబంధంలో రాయించాం, ఖాతాలో సెలవులు లేకపోయినా మైనస్‌లోకి వెళ్లి ఇచ్చేలా. పెళ్లి సెలవు చేరాక అడిగి ఉంటే ప్రొబేషన్‌లో ఉన్నారు కదా అనేవారు. చేరకముందు అడిగితే అది కేవలం ఒక తేదీ.

మే 12న ఆవిడ సంతకం చేశారు, 16న రాజీనామా పెట్టారు. పాత మేనేజర్ మూడు లక్షలు పెంచుతానన్నారు, ఆవిడ వద్దన్నారు. ఆగస్టు 14న బయటికొచ్చారు, గ్రాట్యుటీ 3 లక్షలు సెప్టెంబరు రెండో వారంలో ఖాతాలో పడింది. 2024 మార్చి మధ్యకు అమ్మాయి పరీక్షలు అయ్యాయి. భర్తకు బదిలీ మే చివర వచ్చింది, అనుకున్నదానికన్నా ఆలస్యంగా. ఆ రెండు నెలలు ఆవిడ పీజీలోనే ఉండి వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లారు. సామాను లారీ జూన్ 8న బెంగళూరు చేరింది. ప్యాకర్స్ బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో లారీ కదలకముందే ఫోటో తీసి నాకు పంపారు. ఉంది. జూన్ 30 గడువుకు ఇంకా మూడు వారాలు మిగిలి ఉన్నాయి.